కేకు కోయరాదు

హోమ్ బేకరీ రీల్‌కు ఒక ధర్మశాస్త్రం ఉంది. ఎవరు రాశారో తెలియదు గానీ, మన వంటింటి బేకర్లు దాన్ని పొల్లు పోకుండా పాటిస్తున్నారు. కేకును గుండ్రంగా తిప్పవచ్చు. స్లో మోషన్‌లో దానిపై కోకో పొడి రాల్చవచ్చు. కోయడం మాత్రం మహాపచారం.

శాస్త్రోక్తమైన స్క్రిప్టు ముందు లోగోతో మొదలవుతుంది. తర్వాత ఏప్రన్ ముడి, బీటర్ తిరుగుడు, రిబ్బన్ విప్పే వేళ్లు. కేకు దర్శనం చివర్లో. ఈలోగా చూసేవాడు బొటనవేలితో పైకి తోసేసి వెళ్లిపోతే పోనివ్వండి. మొదటి మూడు సెకన్లలో విసుగొచ్చే అల్పుల కోసం కళను కుదించుకుంటామా? ఇక ధర చెప్పడం మరీ నీచం. "డీఎం చేయండి" అనాలి. అర కిలో ఎంతో తెలుసుకోవడానికి మనిషి అర్జీ పెట్టుకోవాలి, అదీ మర్యాద.

ఇంత చక్కటి వ్యవస్థను మా వదిన పాడుచేసింది.

ఆవిడ రసమలై కేకుకు ఇరవై సెకన్ల స్క్రిప్టు రాసుకుంది. మొదటి సెకనులోనే కత్తి దిగింది! పైగా ఆ కోతకు తయారీ ఒకటి. క్రీము గట్టిగా ఉండాలని ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన కేకు. (చాక్లెట్ గనాష్ అయితే కాసేపు బయట ఉంచాలట, లేకపోతే పైపొర పగులుతుందట.) కత్తిని వేడినీళ్లలో ముంచి, పొడిగా తుడిచి కోసింది. తుడవకపోతే క్రీము మీద నీటి చార పడుతుంది, రెండో కోతకు పొరలన్నీ కలిసి పేస్టవుతాయి. ఒక కేకుకు మొదటి కోత ఒక్కసారే కదా, అందుకని ఫోన్ స్టాండు ఎక్కడుండాలో ముందే ఒట్టి స్పాంజి ముక్కతో చూసుకుంది.

తర్వాత ముక్క తీసి, కోసిన వైపు కెమెరాకు తిప్పి, చెంచాతో నొక్కింది. కుంకుమపువ్వు పాలు ఊరి ప్లేటులోకి జారాయి. "సూపర్ మాయిస్ట్" అని రాయాల్సిన చోట పాలు చూపించడం ఏం పద్ధతి? ఆ వెంటనే మా అమ్మ తింటుంది. నిజంగానే నమిలి, మింగి, "తీపి సరిపోయిందమ్మాయ్" అంటుంది. మాట రాకముందు రెండు సెకన్ల మౌనం. ఎడిటింగ్‌లో దాన్ని తీసేయమంటే వదిన ఒప్పుకోలేదు.

చివరి అయిదు సెకన్లు పచ్చి వ్యాపారం. అర కిలో, అయిదారుగురికి, ధర ఇంత, ఎగ్‌లెస్, ఒక రోజు ముందు చెప్పాలి, డెలివరీ ఫలానా ఏరియాల వరకే. ఆ అక్షరాలను ఫ్రేము మధ్యలో పెట్టింది. అడుగున పెడితే అకౌంట్ పేరు, క్యాప్షన్ వాటిని మింగేస్తాయట. సౌండ్ లేకుండా చూసేవాళ్లకూ విషయం అందాలట.

ఫలితం అనుభవిస్తోంది. "ధర ఎంత" అనే పలకరింపులు పోయాయి. వచ్చేవన్నీ "శనివారానికి ఒకటి" అనే పొడి మెసేజీలే. పాపం, రెండో రీల్ తీయడానికి ఆవిడకు తీరికే దొరకడం లేదు. శాస్త్రం తప్పని బేకర్లు మాత్రం హాయిగా రోజుకు మూడు పెడుతున్నారు.