ఆరు మెరుపుల దెబ్బ

"ఫైట్ సీన్‌కు నాలుగు సూత్రాలు! 1. వేగం కనబడాలంటే ప్రతి కదలికకూ స్మియర్ పెట్టండి. 2. స్మియర్ గీయడం రాకపోతే మోషన్ బ్లర్ పెట్టండి, రెండూ ఒకటే. 3. ప్రతి దెబ్బకూ నలుపు, తెలుపు, ఎరుపు ఇంపాక్ట్ ఫ్రేములు కనీసం ఆరు, మార్చి మార్చి వేయండి. ఎంత మెరిస్తే అంత పవర్. 4. పిడికిలి ముఖానికి తగిలే బొమ్మను అసలు గీయకండి. అందరికీ షేర్ చేయండి."

షేర్ చేశారు. యానిమేషన్ గీసేవారి కోసం రాసిన ఈ సందేశాన్ని ఇప్పటికి అయిదుగురు మిత్రులు నాకు పంపించారు. వారిలో ఇద్దరు రెండేసి సార్లు పంపించారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

స్మియర్ అంటే వేగంగా కదిలే ఆకారాన్ని కదిలిన దారి వెంట సాగదీసి గీసే బొమ్మ. మొదటి సూత్రం రాసినవారు అది దేనికి అవసరపడుతుందో ఆలోచించినట్లు లేదు. ఒక బొమ్మలోని పిడికిలికీ తరువాతి బొమ్మలోని పిడికిలికీ మధ్య ఖాళీ మరీ పెరిగినప్పుడు కన్ను ఆ రెంటినీ ఒకే కదలికగా కలుపుకోలేదు. చేయి ఒక చోట మాయమై మరో చోట ప్రత్యక్షమైనట్లు కనబడుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికే స్మియర్ కావాలి. రెండు బొమ్మలనూ ఒకదానిపై ఒకటి పెట్టి చూసినప్పుడు పిడికిళ్లు కొంతైనా కలుస్తుంటే దాని అవసరం లేదు. అయినా పెడితే చేయి రబ్బరులా సాగినట్లుంటుంది తప్ప వేగం పెరగదు. అవసరమైన చోట కూడా, సీను ఒక్కో బొమ్మకు రెండు ఫ్రేముల చొప్పున నడుస్తున్నా సరే, స్మియర్‌ను ఒక్క ఫ్రేముకే పరిమితం చేయడం మంచిది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు ఫ్రేములంటే సెకనులో పన్నెండో వంతు. ఆ కాస్త వ్యవధిలోనే ప్రేక్షకుడు సాగదీసిన ఆకారాన్ని పట్టేస్తాడు.

రెండో సూత్రానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. మోషన్ బ్లర్ అంటే కదిలేదాన్ని కదిలిన దిశలో మసకబార్చడం; అది ముందు అంచునూ వెనుక అంచునూ ఒకే తీరున చెరిపేస్తుంది. మంచి స్మియర్‌లో ముందున్న పిడికిలి స్పష్టంగా ఉండి, వెనుక తోక మాత్రం చేయి తిరిగిన వంపు వెంట సన్నబడుతుంది. తరిమే సీనులో వెనక్కి పరుగెత్తే చెట్లకు బ్లర్ పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

నన్ను అసలు రాయడానికి కూర్చోబెట్టింది మూడోది. ఒక గుద్దును నేను వేసే తీరు చెబుతాను. చేయి వెనక్కి లాగి ఆగడానికి 10 ఫ్రేములు, స్మియర్‌కు 1, తెల్లని నేపథ్యం మీద నల్లని ఆకారాలతో 1, దాన్నే తిరగేసి నల్లని నేపథ్యంతో 1, నలిగిన ముఖం దాదాపు కదలకుండా 4, తేరుకోవడానికి 8. మొత్తం 25, అంటే సెకను కంటే ఒక్క ఫ్రేము ఎక్కువ. ఇందులో దెబ్బకు బరువునిచ్చేవి ముందున్న ఆ పదీ, తరువాతి నాలుగూ. మధ్యనున్న తెలుపు, నలుపు ఫ్రేములు రెండూ ఇంపాక్ట్ ఫ్రేములు; అవి దెబ్బ తగిలిన క్షణాన్ని ఎత్తి చూపుతాయి, అంతే. వాటిని ఆరు చేస్తే పాత్రలు పావు సెకను పాటు కనబడకుండా పోతాయి. ఎవరు ఎవరిని కొట్టారో ట్యూబ్‌లైటు చెప్పాలి.

ఇంతవరకూ అభిరుచి మాట అనుకుందాం. మిగిలింది ఆరోగ్యం మాట. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ భాగం ఒకటి ప్రసారమైనప్పుడు, సెకనుకు దాదాపు 12 సార్లు ఎరుపు, నీలం మారుతూ కొన్ని సెకన్ల పాటు మెరిసిన దృశ్యం చూసి 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. ఇలాంటివి జరగకూడదనే నేటి మార్గదర్శకాలు ఏ ఒక్క సెకనులోనూ మూడు మెరుపులకు మించవద్దంటాయి, గాఢమైన ఎరుపు విషయంలో మరింత జాగ్రత్త కోరతాయి. వెలుగు పెరిగి తగ్గితే ఒక మెరుపు. నా రెండు ఫ్రేములు మామూలు దృశ్యం నుంచి తెలుపుకు, నలుపుకు, మళ్లీ మామూలుకు వెళ్తాయి కనుక ఒకటిన్నర అవుతుంది. సందేశంలోని ఆరు ఫ్రేములతో ఒక్క గుద్దుకే మూడున్నర దాకా. సెకనుకు రెండు గుద్దులు పడితే ఏడు దాకా. "ఎంత మెరిస్తే అంత పవర్" అట! గుద్దులు వరుసగా పడే చోట చివరి దెబ్బకు మాత్రమే ఇంపాక్ట్ ఫ్రేము ఉంచి, మిగతా వాటికి తగిలిన చోట చిన్న నక్షత్రం గీస్తే సరిపోతుంది. తెరలో చిన్న భాగమే మెరుస్తుంది కాబట్టి ప్రమాదమూ తగ్గుతుంది.

నాలుగో సూత్రాన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను, కానీ అది చాలావరకు నిజం. ఏళ్ల తరబడి నేను పిడికిలి చెంపను తాకే బొమ్మను శ్రద్ధగా గీసి పెట్టేవాణ్ణి. ఒకసారి పరీక్షకని దాన్ని తీసేసి స్మియర్ నుంచి నేరుగా ఇంపాక్ట్ ఫ్రేముకూ, అక్కడి నుంచి నలిగిన ముఖానికీ వెళ్తే గుద్దు మరింత గట్టిగా పడింది. తాకే క్షణంలో ముఖం ఇంకా నలగదు, అందువల్ల ఆ బొమ్మలో బలం కనబడదు; పైగా చేయి అక్కడ ఆగినట్లు అనిపిస్తుంది. అయితే ముఖం స్మియర్ సాగిన దిశలోనే జరగాలి. దిశ తప్పితే చూసేవారికి దెబ్బ కనబడదు, మధ్యలో ఒక బొమ్మ ఎగిరిపోయినట్లు కనబడుతుంది.