కాటా వేయకముందే తడిసిన మిర్చి ఎవరిది?

“కళ్లంలో మిర్చి బేరం కుదిరి అడ్వాన్సు కూడా ఇచ్చాను, రాత్రి వానకు తడిసింది. నష్టం నాదేనండీ?”

అడ్వాన్సు ఒక్కటే దీన్ని తేల్చదండీ. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, సరుకు ఎవరి కళ్లంలో ఉన్నా యాజమాన్యం ఎవరిదో నష్టం వారిదే. మీరు ఫలానా రాశి మొత్తం కొన్నా, క్వింటాలుకు ఇంత అని ధర మాట్లాడుకుని, కాటా వేసి బరువు తేల్చే బాధ్యత రైతు మీదే ఉంచితే, ఆ తూకం పూర్తయి మీకు తెలిసేవరకు 22వ సెక్షన్ కింద రాశి రైతుదే కనుక, తడిసిన నష్టమూ ఆయనదే. కాటా, హమాలీలు మీరే తెచ్చుకునే మాట అయితే ఈ సెక్షన్ వర్తించదు. అప్పగించడానికి సిద్ధంగా ఉన్న రాశి, వేరే ఉద్దేశం కనిపించకపోతే, 20వ సెక్షన్ కింద బేరం కుదిరినప్పుడే మీదైపోతుంది. ఇంత ముఖ్యమైన మాటను చీటీలో రాయకపోవడమే నాకు బాధ కలిగిస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. మంగళవారం సరుకు ఎత్తుతానన్న మీరు శుక్రవారం దాకా రాకపోయి, గురువారం రాత్రి వాన కురిస్తే, రాశి ఇంకా రైతుదే అయినా, మీ జాప్యం లేకుంటే జరగకపోయే ఆ నష్టం మీరే భరించాలి.