మెనూ మీద 370, పళ్లెంలో ఎంత?

సభలో ఒకరు అడిగిన ప్రశ్న: "హోటల్ మెనూలో వంటకం పక్కన కేలరీలు వేస్తున్నారు. నేను రోజూ తిన్నది రాసుకుంటాను. ఆ అంకెను అలాగే రాసుకోవచ్చా, ఇంకొంత కలుపుకోవాలా?"

అలాగే రాసుకోవచ్చు అన్నవారు రాఘవరావు. చాలా శాఖలున్న టిఫిన్ హోటళ్ల సంస్థలో వంటశాలల పర్యవేక్షణ ఆయనది. కలుపుకోవాలి అన్నవారు లలిత. పోషకాహార నిపుణురాలు, ఇలాంటి మెనూలకు కేలరీలు లెక్కగట్టిన అనుభవం ఉంది. సభలో కూర్చున్న సత్యవతి గారు పిలవకుండానే మూడో పక్షమయ్యారు.

రాఘవరావు: ఆ అంకెలు మేము అలంకారానికి వేసుకున్నవి కావు. దేశంలో ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం, 10 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూలో ఒక్కో వడ్డనకు ఎన్ని కేలరీలో, ఆ వడ్డన ఎంతో చూపించాలి. మా దగ్గర ప్రతి వంటకానికీ కొలతల పత్రం ఉంటుంది. మసాలా దోసెకు 120 గ్రాముల పిండి, 100 గ్రాముల బంగాళాదుంప కూర, 10 గ్రాముల నెయ్యి. వీటిని లెక్కవేస్తే 370 కేలరీలు. ఇందులో తప్పేముందో చెప్పండమ్మా.

లలిత: ఆ పత్రం వరకు తప్పేమీ లేదు. ఆ లెక్క ఎలా వస్తుందో సభకు చెబుతాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. 528 పదార్థాల పోషక విలువలు అందులో ఉన్నాయి. బియ్యం, మినప్పప్పు, బంగాళాదుంప, నెయ్యి ఒక్కొక్కటి ఎన్ని గ్రాములు పడతాయో రాసుకుని, పట్టికలోని విలువతో గుణించి, కూడుతాం. పిండిలో సగానికి పైగా నీళ్లే కాబట్టి 120 గ్రాముల పిండికి 170 వరకు వస్తాయి. కూరకు, అందులోని తాలింపు నూనెతో కలిపి 110. నెయ్యికి గ్రాముకు 9 చొప్పున 90. మొత్తం 370. ఈ పని అంతా బల్ల ముందు కూర్చుని చేసేదే. ఇందులో పెనం ఎక్కడా లేదు.

రాఘవరావు: పెనం దగ్గర ఉన్నది మేము నేర్పిన మనిషే కదా! గరిటె కొలత ఒకటే, గిన్నె కొలత ఒకటే.

లలిత: గరిటె ఒకటే. దాన్ని అంచుదాకా ముంచాడా, పొంగేలా ముంచాడా అన్నది చేతి మీద ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటల రద్దీలో ఒక దోసె ఎలా తయారవుతుందో చూద్దాం. పిండి 150 గ్రాములు పడింది, అంటే 210 కేలరీలు. కూర 120 గ్రాములు, 130 కేలరీలు. దోసె అంటుకోకూడదని ఒకసారి, ఎర్రగా రావాలని మరోసారి నెయ్యి చిలకరించారు. 20 గ్రాములు, 180 కేలరీలు. మొత్తం 520. మెనూ కంటే 150 ఎక్కువ. అందులో 90 కేవలం ఆ రెండో చిలకరింపుది.

రాఘవరావు: అది మీరు ఊహించిన దోసె.

లలిత: అవును, నేను కట్టిన లెక్కే. అయితే మీ వంటశాలలో త్రాసు పెట్టి పది దోసెలకు ముందు, వెనుక నెయ్యి డబ్బా బరువు చూడండి. తగ్గిన బరువును పదితో భాగిస్తే అసలు సంగతి తెలుస్తుంది. నేను లెక్కగట్టిన చోట్ల ముందు అడిగేది అదే. అడిగినప్పుడల్లా ఆ రోజు వంటవాడు చాలా పొదుపుగా వేస్తాడు, అది వేరే సంగతి!

(సభలో నవ్వులు. రాఘవరావు గారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.)

రాఘవరావు: సరే, ఒక పెద్ద పరిశీలన గురించి నేనూ చదివాను. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 42 రెస్టారెంట్ల నుంచి 269 వంటకాలు తెచ్చి ప్రయోగశాలలో కాల్చి కొలిచారు. 2011లో ప్రచురించారు. మెనూ మీద వేసినదానికి, కొలిచినదానికి సగటున తేడా 10 కేలరీలే. పది! ఒకరోజు ఎక్కువైతే మరో రోజు తక్కువవుతుంది. నెలాఖరుకు లెక్క సరిపోతుంది.

లలిత: మీరు చెప్పిన సగటు నిజమే, కానీ ఆ పరిశీలనలోనే మరో సంగతి కూడా ఉంది. వంటకాల్లో 19 శాతం, అంటే దాదాపు ఐదింటిలో ఒకటి, మెనూ కంటే కనీసం 100 కేలరీలు ఎక్కువగా తేలాయి. ఎక్కువ వచ్చినవి, తక్కువ వచ్చినవి కొట్టివేసుకుంటే సగటు చక్కగా కనిపిస్తుంది. కాని ఎవరూ సగటును తినరు. ప్రశ్న అడిగినవారు రోజూ అదే హోటల్లో అదే వంటకం తింటే, అది ఆ ఐదోది అయితే, నెలాఖరుకు ఏదీ సరిపోదు. రోజూ అదే వైపు తప్పుతుంది.

రాఘవరావు: తప్పేదేదో ఎక్కువ వైపే ఎందుకు తప్పాలి? తక్కువ పడే రోజులు కూడా ఉంటాయి కదా.

లలిత: ఉంటాయి. కాని మీ వంటవాడిని ఏ తప్పుకు మందలిస్తారో మీరే చెప్పండి. దోసె పెనానికి అంటుకుంటే? ఎండిపోయి వస్తే?

రాఘవరావు: మందలిస్తాం.

లలిత: నెయ్యి పది గ్రాములు ఎక్కువ పడితే?

రాఘవరావు: (కాసేపు ఆగి) నెలాఖరున నెయ్యి ఖర్చు చూసినప్పుడు అడుగుతాం.

లలిత: అప్పటికి తిన్నవాళ్లు తినేశారు. తక్కువైతే గ్రాహకుడు వెంటనే అంటాడు, ఎక్కువైతే బాగుందంటాడు. వంటవాడి చేయి ఎటు వాలుతుందో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడ సభ మధ్య నుంచి సత్యవతి గారు లేచారు.

సత్యవతి: నాకు షుగర్ ఉందమ్మా. నెయ్యి పూర్తిగా మానేశాను. మెనూలో అన్నిటికంటే తక్కువ అంకె ఉన్నదే తింటాను. ఆ రోజు ఇడ్లీ 200 ఉంటే ఇడ్లీ, సలాడ్ 180 ఉంటే సలాడ్. అయినా తిన్న తరువాత చూస్తే షుగర్ పెరుగుతోంది. అంటే వాళ్ల అంకె తప్పనేగా?

లలిత: మీ సంగతిలో రెండు విషయాలు కలిసిపోయాయి, సత్యవతి గారూ. కేలరీల అంకె ఎంత సరిగ్గా ఉన్నా, అందులో పిండిపదార్థం ఎంతో అది చెప్పదు. నెయ్యి నుంచి వచ్చినా, బియ్యం నుంచి వచ్చినా కేలరీ కేలరీయే. రక్తంలో చక్కెర మాత్రం బియ్యానికి పెరిగినట్టు నెయ్యికి పెరగదు. ఇడ్లీ అంకె సరైనదే అయినా మీకు షుగర్ పెరగవచ్చు. అది మీ వైద్యులతో మాట్లాడవలసిన లెక్క. కాని "అన్నిటికంటే తక్కువ అంకె" అన్నారు చూడండి, అది మన వాదనలోకే వస్తుంది. టఫ్ట్స్ వాళ్ల పరిశీలనలో తక్కువ కేలరీలని రాసిన వంటకాలే మెనూను ఎక్కువగా దాటాయి.

సత్యవతి: అదేమిటి, బరువు తగ్గాలనుకునేవాళ్లు తినేవి అవేగా?

లలిత: అవే. సలాడ్ తీసుకోండి. ఆకులు, కీరదోస, టమాటా కలిపి 50 కేలరీలు ఉండవు. మిగతాదంతా పైన పోసే నూనె మసాలాది. ఒక పెద్ద చెంచా నూనె 14 గ్రాములు, సుమారు 120 కేలరీలు. పత్రంలో ఒక చెంచా ఉండి, వంటశాలలో రెండు పడితే 180 అని రాసిన సలాడ్ 300 అవుతుంది. అదే చెంచా బిర్యానీలో ఎక్కువైనా శాతంగా చూస్తే తెలియదు. పైగా తక్కువ అంకె ఉన్న వంటకం తగ్గడానికి పెద్దగా చోటుండదు, పెరగడానికి మాత్రం కావలసినంత ఉంది.

రాఘవరావు: ఒక్క మాట. ఆ పరిశీలనలోనే, కూర్చుని తినే రెస్టారెంట్ల కంటే కౌంటరు దగ్గర ఇచ్చేవాటిలో అంకెలు దగ్గరగా ఉన్నాయని కూడా ఉంది. కారణం మేము చేసేదే. పిండి, కూర కేంద్ర వంటశాల నుంచి తూకం వేసి వస్తాయి. అక్కడ బర్గర్ ముక్క బరువు యంత్రం నిర్ణయిస్తుంది. అంత కట్టుదిట్టంగా ఉన్నచోట కూడా అనుమానమేనా?

లలిత: అక్కడ నేను మీతోనే ఉన్నాను. పొట్లంలో తూచి వచ్చినదాన్ని నమ్ముతాను. పెనం మీద, బాండిలో చేరేదాన్ని నమ్మను. వేపుళ్లయితే మరీ కష్టం. పూరి ఎంత నూనె పీల్చిందో పత్రంలో ఒక అంచనాగా రాస్తాం. నూనె కాగకముందే వేస్తే ఆ అంచనా పోయినట్టే.

రాఘవరావు: ఎక్కువ వేసే లెక్కలు కూడా ఉన్నాయి కదమ్మా! బాదంపప్పులో పట్టిక చెప్పినంత శక్తి శరీరానికి అందదని అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లే కొలిచి చెప్పారు. మేము వేసిన అంకె కంటే ఒంటికి తక్కువే పట్టవచ్చు.

లలిత: అది పూర్తి గింజలుగా నమిలి తిన్నప్పుడు. సరిగా నలగని ముక్కల్లోని కొవ్వు బయటికి వెళ్లిపోతుంది. మెత్తగా నూరిన బాదంలో ఆ తగ్గింపు కనిపించలేదు. మీ గ్రేవీల్లో జీడిపప్పు కూడా మెత్తగా నూరే వేస్తారు.

ప్రశ్న అడిగినవారు లేచి, ఇంట్లో త్రాసు ఉంటే తెలుసుకోవచ్చా అని అడిగారు.

లలిత: సగం తెలుస్తుంది. మెనూలో వడ్డన బరువు ఉంటుంది. పొట్లం తెచ్చుకుని తూచండి. 250 గ్రాములని ఉండి 320 వస్తే, అంకెను అదే నిష్పత్తిలో పెంచుకోండి. కాని నూనె దగ్గర త్రాసు కూడా మోసపోతుంది. 300 గ్రాముల కూరలో 10 గ్రాముల నూనె ఎక్కువైతే బరువులో తేడా మూడు శాతం చిల్లరే. కేలరీల్లో 90 తేడా వస్తుంది. దానికి గ్రేవీని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి పైన తేలి గడ్డకట్టిన నెయ్యిని చూడటం ఒక మార్గం. నూనె అయితే గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు కంటి అంచనాయే.

రాఘవరావు: చట్నీ సంగతి కూడా చెప్పండి. బల్ల మీద పెట్టిన చట్నీ ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకుంటారు. ఉచితంగా, తామే వేసుకునే వాటికి అంకె వేయనక్కరలేదని నిబంధనే మినహాయించింది. "నెయ్యి ఎక్కువ వేయండి" అని అడిగి చేయించుకున్నదానికి కూడా అంతే. ఆ లెక్కలు మా మీద వేయకండి.

లలిత: కొబ్బరి చట్నీ ఒక చిన్న గిన్నెడు 80 దాకా ఉంటుంది. రెండు గిన్నెలు అడగకుండా ఎవరూ దోసె ముగించరు. నిబంధన మినహాయించినా కడుపు మినహాయించదు. అందుకే నేనంటాను, 370 అని ఒకే అంకె వేయకుండా "370 నుంచి 520" అని వేయండి.

రాఘవరావు: వేస్తే ఏమవుతుందో తెలుసా? ఎదురుగా ఉన్న సంస్థ 360 అని వేస్తుంది. మా మెనూ చూసినవాడు రోడ్డు దాటి అటు వెళ్తాడు.

లలిత: అందరికీ అదే నియమం పెడితే?

రాఘవరావు: మా పక్కన ఒకే ఒక్క హోటల్ ఉన్నాయన పెడతాడా? ఆయనకు అసలు అంకె వేసే పనే లేదు. మా దోసె కంటే నెయ్యి రెట్టింపు, సాయంత్రమైతే వరుస రోడ్డు మీదికి వస్తుంది.