సర్వపిండి వీడియోలో దూరిన బరాత్ పాట

హనుమకొండలో ఉండే మా మేనల్లుడు కొత్తగా వంటల ఛానల్ పెట్టి, అమ్మమ్మ చేత సర్వపిండి చేయించి యూట్యూబ్‌లో పెట్టిన సాయంత్రమే "మామా, నా మీద కాపీరైట్ కేసైంది, పోలీసులొస్తరా?" అని ఫోన్ చేశాడు. వచ్చింది కేసు కాదు, కనీసం యూట్యూబ్ ఛానల్‌పై వేసే హెచ్చరిక లాంటి స్ట్రైక్ కూడా కాదు. ఆ సమయంలో గల్లీలో వెళ్తున్న బరాత్ డీజేలో మోగిన సినిమా పాట 4:10 నుంచి 4:52 వరకు అమ్మమ్మ మాటల వెనుక రికార్డు కాగా, వీడియోల్లో ఇతరుల పాటలను వెతికి పట్టే యూట్యూబ్ యంత్రం Content ID దాన్ని గుర్తుపట్టి హక్కుదారు పేరిట క్లెయిమ్ వేసింది.

యూట్యూబ్ స్టూడియోలో See details తెరిపించాను. వీడియో అందరికీ కనిపిస్తూనే ఉందనీ, ప్రకటనల ఆదాయం మాత్రం హక్కుదారుకు వెళ్లవచ్చనీ అక్కడ ఉంది. "నా పైసలన్ని వాళ్లకేనా?" అని వాడు లబోదిబోమన్నాడు. ఛానల్‌కు ఉన్న సబ్‌స్క్రైబర్లు అరవై ముగ్గురు, అందులో సగం మంది పెళ్లిళ్లలో మనకు ఎదురయ్యేవాళ్లే. మానిటైజేషనే లేని ఛానల్‌కు పోయేదేమీ లేదు గనుక, క్లెయిమ్‌ను అలాగే వదిలేయడం కూడా ఒక మార్గమేనని చెప్పాను.

వాడి పౌరుషం ఒప్పుకోలేదు. Dispute నొక్కి, "పాట నేను పెట్టలే, బరాతోళ్లు పెట్టిన్రు, పెండ్లికొడుకును అడగండి" అని రాయబోతుంటే ఆపవలసి వచ్చింది. పాట మనకు తెలియకుండా పడిందనడం, డబ్బు సంపాదించలేదనడం, వివరణలో పాట పేరు రాశాననడం చెల్లుబాటయ్యే కారణాలు కావు. అనుమతి చేతిలో ఉన్నా, యంత్రం వేరే పాటను పొరబడి పట్టుకున్నా, చట్టం ఒప్పుకునే మినహాయింపు వర్తించినా అభ్యంతరం తెలపవచ్చు. దానిపై స్పందించడానికి హక్కుదారుకు 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు తోసిపుచ్చితే అప్పీలు చేయవచ్చు గానీ, పట్టుదలకు పోయి అప్పీలు చేసినప్పుడు వాళ్లు తొలగింపు నోటీసు పంపి అది చెల్లితే, వీడియో పోవడమే గాక అప్పుడు నిజంగానే స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్‌కే ఎసరు.

ఇక మిగిలినవి కత్తిరించడం, పాటను మార్చడం, శబ్దం తీసేయడం. ఆ నలభై రెండు సెకన్లూ కత్తిరిస్తే, అమ్మమ్మ పిండిని సర్వకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసే ఘట్టమంతా పోతుంది. అది లేని సర్వపిండి వీడియోను ఎవరు చూస్తారు? అందుకని మాటలు ఉంచి పాటను మాత్రమే తీసే Erase song ఎంచుకున్నాం. అది అన్నిసార్లూ శుభ్రంగా పని చేయదు. డీజే మోత ముందు అమ్మమ్మ గొంతు ఏపాటిది? పాటతో పాటు "నూనె" తర్వాతి మాటలు కూడా సగం కొట్టుకుపోయాయి.

మార్పులు ప్రాసెస్ అయ్యాక క్లెయిమ్ తొలగిపోయింది. ఇప్పుడు వ్యాఖ్యల్లో అందరూ అడుగుతున్నది ఒక్కటే, నూనె ఎంత పోయాలని; వాడు అమ్మమ్మను మళ్లీ అడిగి వివరణలో "చిల్లు చిల్లుకు కొంచెం" అని టైపు చేసి పెట్టాడు.