సవరణ: సింగిల్ డోర్ 3 స్టార్ ఫ్రిజ్, డబుల్ డోర్ 3 స్టార్ ఫ్రిజ్ ఒకటి కావు

"రెండూ 3 స్టారే అన్నారు కదా, అంటే కరెంటు బిల్లు ఒకేలా వస్తుందా?"

రాదు. పోయిన పోస్టులో రెండు ఫ్రిజ్‌లూ 3 స్టారే అన్న వాక్యం అలా అర్థమయ్యేలా ఉంది, మార్చాను. సింగిల్ డోర్‌వి ఎక్కువగా మంచు మనమే కరిగించుకోవాల్సిన డైరెక్ట్ కూల్, డబుల్ డోర్‌వి మంచు దానంతటదే కరిగే ఫ్రాస్ట్ ఫ్రీ, వీటికి స్టార్లు ఇచ్చే కొలత వేరువేరు. అందుకే షాపులో స్టార్లు వదిలేసి, అదే లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉంటుందే, ఆ అంకె చూడండి.

లెక్క ఇలా వేసుకోండి. 15,000 రూపాయల సింగిల్ డోర్‌కి ఏడాదికి 160 యూనిట్లు, 25,000 రూపాయల డబుల్ డోర్‌కి 230 అని ఉందనుకుందాం. తేడా 70 యూనిట్లు. ఫ్రిజ్ యూనిట్లు మన బిల్లులో పై స్లాబులో పడతాయి కాబట్టి సగటు రేటు కాదు, ఆ పై రేటే వేయాలి. అది 6 రూపాయలైతే ఏడాదికి 420, పదేళ్లకు 4,200. అంటే కరెంటు కన్నా కొనే ధరలోని 10,000 తేడానే పెద్దది!

కాకపోతే లేబుల్ అంకె పరీక్ష గదిలోది. మన అనంతపురం ఎండల్లో, అదీ రేకుల ఇంట్లో, రెండూ అంతకన్నా ఎక్కువే లాగుతాయి. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ చుట్టూ మంచు వేలు మందం పేరుకున్నా డీఫ్రాస్ట్ బటన్ నొక్కకుండా వదిలేస్తే మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది, ఆ 70 యూనిట్ల మిగులు కొంత అక్కడే పోతుంది. ఫ్రాస్ట్ ఫ్రీలో ఆ మంచును లోపలి హీటరే కరిగిస్తుంది, దానికీ కొంత కరెంటు కావాలి.