నాన్న టీషర్టు మీద జాకెట్ ఎక్కించడం అంత ఈజీ కాదక్కా

డిసెంబర్ వస్తే చాలు, "ఈ ఫొటోలో టీషర్టు మీద ఓ స్వెటర్ వేసి పెట్టవా, గ్రీటింగ్ కార్డుకి" అని నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. అడిగేవాళ్ళకి అది హ్యాంగర్ మీంచి తీసి తొడిగినంత పని. ఈసారి న్యూజెర్సీ నుంచి మా అక్క. ఫొటో నాన్నది, మే నెలలో విజయవాడలో డాబా మీద తీసింది, పొట్టి చేతుల టీషర్టు, ఎడమ నుంచి ఎండ.

మొదట గుండ్రటి మెడ స్వెటర్ బొమ్మ ఒకటి తెచ్చి అతికించాను. స్టిక్కర్‌లా ఉంది. ఎందుకంటే నిజం స్వెటర్‌కి మందం ఉంటుంది, దాని అంచు మెడ మీద సన్నటి నీడ వేస్తుంది, గడ్డం నీడ మళ్ళీ స్వెటర్ మీద పడాలి. టీషర్టు గీతకి సరిగ్గా సరిపెడితే బట్ట కాదు, ఒంటికి పూసిన రంగులా కనిపిస్తుంది. పైగా మోచేతుల కింద చేతులన్నీ బయటే, వాటిని మణికట్టు దాకా కప్పాలి. శాలువా సులువనుకుంటారు గానీ, అంచు గీతలు మడతలతో పాటు వంగకపోతే అక్కడే దొరికిపోతాం.

అందుకే నా మాట, మెడ మూసే స్వెటర్ జోలికే పోవద్దు. జిప్పు తెరిచిన జాకెట్ వేయండి. టీషర్టు కాలర్, మెడ ఫొటోలో ఉన్నట్టే ఉంటాయి, కొత్తగా కలపాల్సింది జాకెట్ అంచులు, భుజాలు, చేతులే.

జాకెట్ కోసం నెట్‌లో వెతకడం మానేసి నాది నేనే వేసుకుని డాబా ఎక్కాను. నాన్న ఫొటోలో ముక్కు నీడ ఎటు పడిందో చూసుకుని, నాకూ అటే పడేదాకా తిరిగి, చేతులు ఆయనలాగే పెట్టి టైమర్‌తో తీసుకున్నాను. తర్వాత ఫొటోషాప్‌లో నన్ను తీసేసి, ఆయన భుజం వాలుకి తగ్గట్టు Warp తో జాకెట్‌ని వంచాను. టీషర్టు మీద అంచు నీడకి వేరే లేయర్, కింది రంగుని ముదురు చేసే Multiply మోడ్, మెత్తటి బ్రష్. నల్ల రంగు వాడొద్దు, టీషర్టు మడతలో ఉన్న ముదురు రంగే తీసుకోండి. వెలుతురు కుదరలేదని జాకెట్‌ని అద్దంలోలా తిప్పేస్తారు కొందరు, అప్పుడు బొత్తాలుంటే అవి ఆడవాళ్ళ జాకెట్ వైపుకి మారిపోతాయి!

ఇంత చేసినా తేడా కొట్టింది. అక్క పంపింది వాట్సాప్‌లో నలిగిన ఫొటో, నా జాకెట్‌లో మాత్రం దారం దారం కనిపిస్తోంది. డాక్యుమెంట్‌గా మళ్ళీ పంపించుకున్నాను. 5x7 అంగుళాల కార్డుకి అంగుళానికి 300 లెక్కన 1500x2100 పిక్సెల్స్ కావాలి మరి. అప్పటికీ జాకెట్‌ని కాస్త మసక చేసి, ఫొటోలో ఉన్నంత నాయిస్, అంటే సన్నటి గరుకు చుక్కలు, కలిపితే గానీ రెండూ ఒకటి కాలేదు.

అక్క మురిసిపోయింది. అమ్మ మాత్రం ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "చలికి జాకెట్ వేసుకున్నాడు సరే, నుదుటి మీద ఆ చెమటేంట్రా?" అంది.