మా పిన్ని ఏ స్టేజీలోనూ లేదు, దయచేసి వదిలేయండి

ఇప్పుడే మల్కాజ్‌గిరి నుంచి వచ్చా. చెప్పులు కూడా విప్పలేదు. ముందు ఇది రాసేయాలి, లేకపోతే రాత్రికి నిద్ర పట్టదు.

పిన్ని ఇంట్లో గృహకూడిక. పాటలయ్యాయి, వాక్యమయింది, ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఎప్పుడూ మనవడి వీసా గురించో పక్కింటావిడ మోకాళ్ల గురించో చెప్పే పిన్ని ఈసారి తల దించుకుని, "ఏడాదిగా ప్రార్థనలో కూర్చుంటే ఏమీ అనిపించడం లేదయ్యా. బైబిలు తెరిస్తే అక్షరాలే కనిపిస్తున్నాయి. దేవుడు నన్ను వదిలేశాడేమో" అంది. 62 ఏళ్ల మనిషి, 40 ఏళ్లుగా తెల్లవారుజామున 4 గంటలకు లేచి మోకరించే మనిషి, పదిమంది ముందు ఆ మాట అంది.

మా పెద్ద బ్రదర్‌గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దాగిన పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండి సిస్టర్. 21 రోజులు ఉపవాసం పట్టండి" అన్నారు. జ్వరమన్నా అదే మందు, అప్పులన్నా అదే మందు.

అంతకన్నా మండింది మాత్రం పక్కనున్న కుర్రాడి మాటకి. "లేదు ఆంటీ, దీన్ని డార్క్ నైట్ ఆఫ్ ద సోల్ అంటారు. మదర్ థెరిసాకే వచ్చింది. జస్ట్ ఒక స్టేజ్. దాటారంటే నెక్స్ట్ లెవెలే!" అని నవ్వాడు. అందరూ ఆమెన్ అన్నారు. దేనికి ఆమెనో వాళ్లకే తెలియాలి.

స్టేజ్ అంటే ఆ బాబు ఆర్టీసీ బస్సు స్టేజీ అనుకున్నాడు. మెట్టుగూడ దాటితే తార్నాక, తార్నాక దాటితే హబ్సిగూడ, టికెట్ తీసుకున్న ప్రతివాడూ ఉప్పల్ చేరతాడు. అసలు ఆ బాబు ఇంగ్లీషులో చెప్పిన ఈ 'చీకటి రాత్రి' అనే మాట స్పెయిన్ కార్మెల్ సభ సన్యాసి పునీత సిలువ యోహానుది. 1577 డిసెంబరులో ఆయన్ని సొంత సభవాళ్లే పట్టుకెళ్లి టొలెడోలో ఓ ఇరుకు గదిలో పడేశారు. ఎనిమిది నెలల పైన అందులో ఉండి, 1578 ఆగస్టులో తప్పించుకున్నాడు. ఆ మనిషి లెవెళ్ల లెక్క రాస్తాడా? ప్రార్థన దారిలో నడిచేవాళ్లందరినీ దేవుడు లోతైన ప్రార్థన దాకా తీసుకెళ్లడు, సగంమందిని కూడా తీసుకెళ్లడు, ఎందుకో ఆయనకే తెలుసు అని రాశాడు.

మరి దాన్ని ఒక దశ అని ఎందుకన్నారు? ఇది మన అమ్మమ్మలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. పాలు మాన్పించడానికి తల్లి రొమ్ముకి చేదు పూసి, బిడ్డని చంకలోంచి దించి నడవమంటుంది అని యోహానే పోల్చాడు. ఆయన చెప్పింది ముసాంబరం, మన ఇళ్లలో వేపాకు పసరు. బిడ్డేమో అమ్మకి కోపమొచ్చిందనుకుని ఏడుస్తాడు. అమ్మ అక్కడే ఉంది, పాల వయసు అయిపోయిందంతే. దశ అన్నది ఈ అర్థంలో. ఎండిపోవడం శిక్ష కాదు, పెరుగుదలలో భాగం.

మాన్పించాల్సింది ఏమిటో కూడా ఆయన దాచలేదు. 'చీకటి రాత్రి' పుస్తకం మొదట్లోనే ఏడు మూల పాపాలనూ తీసుకుని, అవి భక్తిపరుల్లో ఎలా ఉంటాయో వరసగా చూపించాడు. ఎన్ని బోధలు విన్నా, ఎన్ని జపమాలలు పోగేసినా తనివి తీరకపోతే అది ఆధ్యాత్మిక లోభం. (మన ఇళ్లలో అభిషేక తైలం సీసాలు ఎన్ని ఉంటాయో చెప్పనా?) ప్రార్థనలో తీపి కోసమే ప్రార్థించడం తిండిపోతుతనం. ఆ తీపి తగలకపోతే చిరాకు పడి ఇంట్లోవాళ్ల మీద అరవడం కోపం. అంటే మనం ప్రేమిస్తున్నది ఇచ్చినవాడిని కాదు, మిఠాయిని.

ఐతే ఎండిపోయిన ప్రతి గుండెకీ ఈ పేరు తగిలించకూడదని మూడు గుర్తులు కూడా ఇచ్చాడు. మూడూ కలిసి ఉండాలి. దేవుని సంగతుల్లో రుచి పోయింది సరే, లోకం సంగతుల్లో ఉందా? ప్రార్థన చప్పగా ఉండి సీరియల్ మాత్రం కమ్మగా ఉంటే అది చీకటి రాత్రి కాదు, నులివెచ్చదనం. పిన్ని సీరియళ్లు మానేసి ఆర్నెల్లయింది, పెళ్లిళ్లలో కూడా ఉత్సాహం లేదు. రెండోది, దేవుని సేవలో వెనక్కి పోతున్నానేమో అన్న బాధ మనసుని తినేస్తూ ఉండాలి. నులివెచ్చని వాడికి ఆ దిగులే ఉండదు. పిన్నికి ఉన్నదల్లా ఆ దిగులే. మూడోది, ఒకప్పటిలా ఊహతో ధ్యానించడం చేతకాదు. గలిలయ సముద్రం, పడవ, ప్రభువు ముఖం కళ్లకు కట్టినట్టు చెప్పేది మా పిన్ని. ఇప్పుడు ఏదీ రావడం లేదట.

అలాగని నేను తీర్పు చెప్పేయడం లేదు. శరీరంలోని దిగులు జబ్బు కూడా మనిషిని ఇలాగే చేయగలదని ఆయనకి తెలుసు. 16వ శతాబ్దంలో దాన్ని మెలాంకలీ అన్నారు. అదొక్కటే ఉంటే విసుగే తప్ప దేవుణ్ణి సేవించాలన్న తపన ఉండదు, ఒక్కోసారి రెండూ కలిసే ఉండొచ్చు అన్నాడు. అందుకే సోమవారం పిన్నిని థైరాయిడ్ పరీక్షకు తీసుకెళ్తున్నా. ఆ మాట ఇంతమంది ప్రార్థనాపరుల్లో ఒక్కరికీ తట్టలేదు.

ఇక బ్రదర్‌గారి 21 రోజులు. ఇలాంటివాళ్లు బలవంతంగా ధ్యానం చేయకూడదు, ఏమీ చేయనట్టు అనిపించినా దేవుని వైపు ప్రేమగా చూస్తూ ఊరుకోవాలి అంటాడు యోహాను. బొమ్మ గీస్తున్నప్పుడు కూర్చున్న మనిషి కదిలితే చిత్రకారుడి పని చెడిపోతుంది కదా. మనవాళ్లు భుజాలు పట్టుకుని ఊపుతారు! యోబు స్నేహితుల్లా వచ్చి దాచిన పాపమేదో ఉందనీ, జీవితమంతా తవ్వి ఒప్పుకోమనీ చెప్పే గురువుల గురించి ఆయన తన ఇంకో పుస్తకం ముందుమాటలోనే రాశాడు. సుత్తి కొట్టడం తప్ప ఇంకేమీ రాని కమ్మరులన్నాడు మరోచోట. 400 ఏళ్లు దాటినా సుత్తి అదే.

మదర్ థెరిసా పేరెత్తిన బాబూ, 2007లో వచ్చిన ఆమె ఉత్తరాలు ఎవరైనా చదివారా? కొద్ది విరామం తప్ప దాదాపు 50 ఏళ్లు, 1997లో కన్నుమూసేదాకా ఆ చీకటే. అది ఏ లెవెల్?

అసలు నా కోపం ఈరోజుది కాదులెండి. నాన్న పోయిన ఏడాది, ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేచి "రెండు నెలలుగా ప్రార్థన రావడం లేదు, అయినా గుడికి వస్తున్నా" అన్నా. అంతే, మైకు లాగేసుకున్నారు. "విజయ సాక్ష్యాలు మాత్రమే చెప్పండి" అన్నారు. మరి 88వ కీర్తన చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది, చివర్లో హల్లెలూయా లేదు. ఆ కీర్తనకారుడు మన గుడికొస్తే రెండో చరణంలోనే కూర్చోబెట్టేవాళ్లు. ఆ రోజు నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది పిన్నే. ఒక్క మాట మాట్లాడలేదు, వచనం చెప్పలేదు, ఆరాధన అయ్యేదాకా చెయ్యి వదల్లేదు.

వచ్చే బుధవారం కూడిక మా ఇంట్లో. ఉప్మా, టీ నేనే చేస్తున్నా. పిన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. పాడదు, మనవి చెప్పదు. ఆమె తల మీద చేతులుంచి అరవాలని ఎవరికైనా అనిపిస్తే ముందు వంటింట్లోకి రండి, నాతో మాట్లాడండి.